ధర ముందు, డ్రాయింగ్ తర్వాత

2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పో వేదిక మీదికి రతన్ టాటా నానో అనే చిన్న కారు నడుపుకుంటూ వచ్చారు. ఆ కారుకు అప్పటికి కొన్నేళ్ల ముందే ధర ఖరారైంది. లక్ష రూపాయలు. స్కూటర్ మీద భార్యాబిడ్డలతో వానలో వెళ్లే కుటుంబానికి అందే కారు కావాలన్న ఆలోచన దాని వెనక ఉంది. ఇంజినీర్లు కారును డిజైన్ చేసింది ఆ అంకెను ముందు పెట్టుకునే.

మామూలుగా ఇది తలకిందుల వ్యవహారం. వస్తువు తయారుచేసి, ఖర్చు లెక్కగట్టి, దాని మీద లాభం వేసుకుని ధర చెప్పడం మనకు తెలిసిన పద్ధతి. టార్గెట్ కాస్టింగ్ ఆ లెక్కను వెనక నుంచి మొదలుపెడుతుంది. జనం ఎంత ఇస్తారో ముందు తేల్చుకుని, అందులోంచి లాభం తీసేస్తే మిగిలేదే తయారీదారు పెట్టగలిగిన ఖర్చు. ఆ ఖర్చులో ఇమిడేలా వస్తువును డిజైన్ చేయాలి. 1960లలో జపాన్‌లో టొయోటా వంటి సంస్థలు దీన్ని ఒక క్రమశిక్షణగా మలిచాయి. ఈ లెక్క వస్తువు డ్రాయింగ్ బల్ల మీద ఉన్నప్పుడే ఎందుకంటే, ఏ లోహం, ఎన్ని భాగాలు, ఎన్ని బోల్టులు అన్నది అక్కడే తేలిపోతుంది. అచ్చులు పోసి, యంత్రాలు బిగించాక ఫ్యాక్టరీలో ఎంత బిగపట్టినా తగ్గేది కొంచెమే.

నానోలో ఈ క్రమశిక్షణ కంటికి కనిపించేది. రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజిన్‌ను వెనక పెట్టారు. అద్దం మీద వైపర్ ఒకటే. చక్రానికి నాలుగు నట్ల బదులు మూడు. బయటి అద్దం డ్రైవర్ వైపు మాత్రమే. వెనక డిక్కీకి తలుపు లేదు, సామాను పెట్టాలంటే వెనక సీటు వాల్చి లోపలి నుంచే పెట్టుకోవాలి. ఇంజినీరింగ్‌గా చూస్తే ఇది గొప్ప సాధన. అప్పట్లో మారుతి 800 ధర దాదాపు రెండు లక్షలు.

అయినా నానో నిలబడలేదు. సింగూరు నుంచి సనంద్‌కు ఫ్యాక్టరీ తరలడం, కొన్ని కార్లలో మంటలు రావడం దాన్ని దెబ్బతీశాయి. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయగల ఫ్యాక్టరీ ఉండగా, బాగా అమ్ముడైన 2011-12లో కూడా అమ్మకాలు 75 వేలు దాటలేదు. అత్యంత చౌక కారుగా ముద్ర పడటమే పొరపాటైందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. ఈ వ్యాసానికి కావలసిన సాక్ష్యం మాత్రం మరోచోట ఉంది. తీసేసినవి ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. 2014లో పవర్ స్టీరింగ్ వచ్చింది. 2015లో వెనక తలుపు తెరుచుకుంది. ఆ మోడల్ ఢిల్లీ షోరూమ్ ధర 1.99 లక్షల నుంచి మొదలైంది.

అంటే లక్ష్యంగా పెట్టుకున్న అంకె ఉంది కానీ, ఆ అంకెకు కొనుగోలుదారు ఏం ఆశిస్తాడన్న లెక్క సరిగా కుదరలేదు. మార్కెట్ ఒప్పుకునే ధర అన్నది ఒంటరిగా ఉండదు. దాని వెనక వస్తువు ఎన్నాళ్లు పనిచేయాలి, వాడేందుకు ఎంతవుతుంది, పాడైతే ఎవరు బాగుచేస్తారు అన్న ప్రశ్నలు ఉంటాయి. జీవితకాల వ్యయం, అంటే లైఫ్ సైకిల్ కాస్టింగ్, అడిగేది ఆ ప్రశ్నలనే. ఈ రెండు లెక్కలనూ పాఠ్యపుస్తకాలు రెండు అధ్యాయాల్లో చెబుతాయి. వస్తువు డిజైన్ చేసే చోట వాటిని విడదీయడం వల్లే చిక్కులొస్తాయి. అది ఎలా జరుగుతుందో చూడటానికి కారు కంటే ప్రతి ఇంట్లో తిరిగే సీలింగ్ ఫ్యాను మేలు.

పాత తరహా ఫ్యాను సుమారు 75 వాట్లు తీసుకుంటుంది. అదే గాలిని బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 వాట్లతో ఇస్తుంది. ఒక కంపెనీ ఈ రకం ఫ్యానును 2,950 రూపాయలకు అమ్మాలనుకుందనుకుందాం. ఈ అంకెలు లెక్క కోసం వేసుకున్నవి. అందులో 18 శాతం జీఎస్‌టీ తీస్తే 2,500. డీలర్లకు 500 పోతే కంపెనీ చేతికొచ్చేది 2,000. లాభం 200 పక్కన పెడితే మిగిలింది 1,800. రవాణా, ప్రకటనలు, ఆఫీసు, వారంటీ మరమ్మతులు కలిపి 300. ఇక తయారీకి మిగిలింది 1,500. డిజైనర్ల చేతిలో ఉన్న నమూనాకు మాత్రం 1,710 అవుతోంది. తగ్గాల్సింది 210.

ఇప్పుడు ఇంజినీర్లు, కొనుగోలు విభాగం, విడిభాగాల సరఫరాదారులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. నమూనాను విప్పి ఒక్కో భాగాన్నీ ముందు పెట్టుకుని, ఇది వాడేవాడికి ఏం ఇస్తోంది, ఎంత తింటోంది అని అడుగుతారు. గాలి, నిశ్శబ్దం, కరెంటు ఆదా కొనేవాడికి కావాలి. పైకప్పు దగ్గర కొక్కేన్ని మూసే కప్పు రెండు ముక్కలుగా ఉందా ఒకటిగా ఉందా అన్నది అతనికి పట్టదు. కాబట్టి దాన్ని ఒకే అచ్చులో తీసి, కొన్ని స్క్రూలు తగ్గించి 50 రూపాయలు మిగులుస్తారు. విడివిడిగా ఉన్న రెండు సర్క్యూట్ బోర్డులను ఒకటిగా కలిపి 70. అట్టపెట్టె, బిగింపు పని మార్చి 40. గాలి తగ్గకుండా మోటారు చుట్టను మళ్లీ డిజైన్ చేసి 35. మొత్తం 195 వచ్చింది. ఇంకా 15 తగ్గాలి.

ఆ చివరి పదిహేను దగ్గరే అసలు పరీక్ష. బోర్డు మీద ఒక చిన్న భాగం ఉంటుంది. పిడుగు పడ్డప్పుడో, లైన్లో వోల్టేజీ ఒక్కసారిగా ఎగసినప్పుడో ఆ దెబ్బను తాను తిని మిగతా బోర్డును కాపాడుతుంది. దాన్ని తీసేసినా ఫ్యాను తిరుగుతుంది. షాపులో చూపించినప్పుడు తేడా తెలియదు. ఫ్యాక్టరీ పరీక్షలో పాసవుతుంది. తీసేస్తే సరిగ్గా 15 రూపాయలు మిగులుతాయి.

రెండేళ్ల వారంటీలో నూటికి రెండు ఫ్యాన్లు తిరిగొచ్చే చోట ఇప్పుడు ఆరు వస్తాయనుకుందాం. ఒక్కో మరమ్మతుకు మెకానిక్ ఇంటికెళ్లే ఖర్చు, కొత్త బోర్డు కలిపి 500. నూరు ఫ్యాన్ల మీద మిగిలింది 1,500, అదనంగా పోయింది 2,000. లక్ష ఫ్యాన్లు అమ్మితే నికరంగా అయిదు లక్షల నష్టం. ఈ నష్టం త్వరగా కంటపడదు. ఆదా కొనుగోలు విభాగం ఖాతాలో ఈ మూడు నెలల్లోనే మెరుస్తుంది, నష్టం తర్వాతి వానాకాలం దాటాక సర్వీసు విభాగం ఖాతాలో తేలుతుంది. ఫిర్యాదులను అవి వచ్చిన తేదీల వారీగా పేర్చుకుంటే కారణం దొరకదు. తిరిగొచ్చిన బోర్డులను తయారైన నెల, అమ్మిన ప్రాంతం వారీగా పేర్చి చూడాలి. డిజైన్ మారిన నెల నుంచి, ఉరుములు మెరుపులు ఎక్కువగా ఉండే ఊళ్ల నుంచి బోర్డులు గుట్టపడితే దొంగ దొరికినట్టే.

మరి ఆ 15 ఎక్కడి నుంచి తేవాలి? లక్ష్యాన్ని తయారీ ఖర్చు 1,500కే కట్టేయడం పొరపాటు. అది 1,800 మొత్తానికీ ఉండాలి. అందులోని 300లో వారంటీ వాటా కూడా ఉంది. రక్షణ భాగాన్ని ఉంచితే తయారీ 15 రూపాయలు పెరుగుతుంది, వారంటీ ఖర్చు 20 రూపాయలు పెరగకుండా ఆగుతుంది. వారంటీకి కట్టుకున్న అంచనా ఆ భాగాన్ని తీసేసిన డిజైన్‌దా, ఉంచిన డిజైన్‌దా అన్నది తేలకుండా లక్ష్యం నెరవేరిందనడానికి లేదు. అంటే డిజైనర్, సర్వీసు మేనేజరు ఒకే కాగితం మీద సంతకం పెట్టాలి.

కంపెనీ గోడ దాటితే లెక్క మరింత పెద్దది. రోజుకు 12 గంటలు, ఏడాదిలో 300 రోజులు ఫ్యాను తిరిగితే పాతదానికి 270 యూనిట్లు, కొత్తదానికి 108. యూనిట్ ఆరు రూపాయలైతే ఏడాదికి 972 రూపాయలు మిగులుతాయి. 1,600 పెట్టి కొన్న పాత తరహా ఫ్యానుకు పదేళ్లలో కరెంటుతో కలిపి 17,800 అవుతుంది. బీఎల్‌డీసీకి కొన్న ధర, కరెంటు, మధ్యలో ఒకసారి బోర్డు మార్పిడికి 700 కలిపినా 10,130. అదనంగా పెట్టిన 1,350 సుమారు పదిహేడు నెలల్లో తిరిగొస్తుంది. 2,950 అన్న ధరను మార్కెట్ ఒప్పుకోవడానికి ఆధారం ఈ బిల్లే.

ఆ ఆధారం అందరికీ ఒకేలా ఉండదు. తెలుగు రాష్ట్రాల్లో గృహ వినియోగదారుల తొలి శ్లాబులో యూనిట్ రెండు రూపాయల లోపే, పై శ్లాబుల్లో తొమ్మిది దాటుతుంది. ఆదా అయ్యే యూనిట్లు బిల్లు పైకొస నుంచి తగ్గుతాయి కాబట్టి ఎక్కువ వాడే ఇంటికి డబ్బు ఇంకా త్వరగా తిరిగొస్తుంది. రెండు రూపాయల శ్లాబులో ఉన్న ఇంటికి నాలుగేళ్లు దాటుతుంది. తెలంగాణలో 2024 నుంచి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా ఉచితంగా పొందే ఇంటికి ఆదా సున్నా. అదే ఇల్లు నెలకు 230 యూనిట్ల దగ్గర ఉంటే కథ మారుతుంది. మూడు ఫ్యాన్లు మారిస్తే, అవి రోజూ తిరిగే నెలలో దాదాపు 49 యూనిట్లు తగ్గి 200 లోపలికి వస్తుంది. అర్హత ఉన్న ఆ కుటుంబానికి బిల్లు మొత్తం పోతుంది. ఇలా ఏ ఇంటికి అమ్ముతున్నామో తెలియకుండా ధరను లక్ష్యంగా పెట్టుకునే కంపెనీ ఊహించిన కొనుగోలుదారుకే డిజైన్ చేస్తుంది.

జీవితకాల వ్యయానికీ పరిమితులున్నాయి. పదేళ్ల తర్వాత యూనిట్ ధర ఎంతో ఎవరూ చెప్పలేరు. ఫ్యాను రోజుకు పన్నెండు గంటలు తిరుగుతుందా ఆరు గంటలా అన్నది ఇంటింటికీ వేరు. అద్దె ఇంట్లో ఫ్యాను కొనేది యజమాని, బిల్లు కట్టేది కిరాయిదారు. అక్కడ చౌక ఫ్యానే గెలుస్తుంది, ఎంత చక్కటి లెక్క చూపించినా. అందుకే 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి చేయడం అవసరమైన చర్యే. దాని మీద కరెంటు లెక్క దొరుకుతుంది, మరమ్మతు లెక్క మాత్రం దొరకదు.

కాబట్టి ఫ్యాను కొనబోయేవారు షాపులో ధరతో పాటు మరో మూడు సంగతులు అడగాలి. ఎన్ని వాట్లు? వారంటీ అయ్యాక బోర్డు ఎంత? అది మన ఊళ్లో దొరుకుతుందా?