ఊరు తెలిసినంత మాత్రాన జవాబు తెలిసినట్టు కాదు

మొదటి ప్రీబోర్డులో సమాజశాస్త్రం పేపరు చేతికి రాగానే మా బెంచీల్లో ఒక చిన్న నవ్వు పాకింది. ఆరు మార్కుల ప్రశ్నల్లో ఒకచోట మన భిలాయి ఉంది. పేరు పెట్టి అడగలేదు కానీ మాకు వెంటనే తెలిసిపోయింది. నగర ప్రభావం పల్లెలపై ఎన్ని రకాలుగా పడుతుందని ఎం.ఎస్.ఎ. రావు చెప్పారో వివరించమన్నారు. పాఠ్యపుస్తకంలో ఆ భాగంలో భిలాయి పేరే ఉదాహరణగా ఉంటుంది. అది వద్దనుకుంటే, దాని బదులు రాయడానికి సంస్కృతీకరణ భావనపై వచ్చిన విమర్శలు అడిగారు. రుఆబాంధాలో కాపురముంటూ భిలాయి ప్రశ్న వదిలేసేదెవరు? అందరం దాని మీదే పడ్డాం.

మాలో ఒకమ్మాయి ముందుగా ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టి నాలుగు పేజీలు రాసింది. రష్యావాళ్ల సాయంతో ఉక్కు కర్మాగారం రావడం, 1959లో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ మొదలవడం, తాతగారు శ్రీకాకుళం నుంచి రైలెక్కి రావడం, క్వార్టర్లు, బస్తీలు, మార్కెట్లు అన్నీ రాసింది. నలభై ఐదు నిమిషాలు పట్టింది. ఆరింటికి రెండు మార్కులు వచ్చాయి. చివర్లో గంట కొట్టేసరికి రెండు మార్కుల ప్రశ్నలు మూడు, నాలుగు మార్కులది ఒకటి ముట్టుకోకుండా మిగిలిపోయాయి. అంటే పది మార్కులు చదవకుండా పోలేదు, రాయకుండా పోయాయి.

మార్కులు ఎందుకు తగ్గాయో ప్రశ్నలోనే ఉంది. రావుగారు చెప్పినవి మూడు పరిస్థితులు. ఒకటి, దూరపు నగరాలకు మనుషులు పనికి వెళ్లి ఇంటికి డబ్బు పంపే పల్లెలు. రెండు, పారిశ్రామిక పట్టణం పక్కనే ఉన్న పల్లెలు. కొన్ని పల్లెలు పూర్తిగా లేచిపోతాయి, కొన్నింటి భూమి కొంత పోతుంది, బయటివాళ్లు వచ్చి చేరతారు, ఇళ్లకూ సరుకులకూ గిరాకీ పెరుగుతుంది, స్థానికులకూ వచ్చినవాళ్లకూ మధ్య సర్దుబాట్ల సమస్య వస్తుంది. మూడు, మహానగరం పెరుగుతూ తనలో కలిపేసుకునే పల్లెలు. ఒక్కోదానికి రెండు మార్కులు అనుకుంటే లెక్క తేలిపోతుంది. మా స్నేహితురాలు రెండోదాన్ని మాత్రమే నాలుగు పేజీలు రాసింది. రెండు మార్కులే వచ్చాయి. ఐదో పేజీ రాసినా అంతే వచ్చేవి.

బదిలీ ఉద్యోగుల పిల్లలకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ అని మా అభిప్రాయం. మనకు ఊళ్లెక్కువ. ఏ పాఠం తీసినా మనం ఉండివచ్చిన ఊరు ఏదో ఒకటి తగులుతుంది, దాంతో కథ తోసుకొస్తుంది. కథ చెప్పగలిగిన ప్రశ్నను ఎంచుకోవడం, పాయింట్లు లెక్కపెట్టగలిగిన ప్రశ్నను ఎంచుకోవడం ఒకటి కాదు. మనం చూసిన ఊరికి జవాబులో చోటుంది, కానీ అది పాయింటు రాశాక దాని కింద ఒక్క వాక్యం. మొదటి పరిస్థితికి శ్రీకాకుళం పల్లె, రెండోదానికి భిలాయి, మూడోదానికి హైదరాబాదులో కలిసిపోయిన మాదాపూర్, గచ్చిబౌలి. మూడు వాక్యాలు చాలు, జవాబు నిండుగా ఉంటుంది.

అందుకని రెండింట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే మేమిప్పుడు ఒక చిన్న పరీక్ష పెట్టుకుంటున్నాం. రెండు ప్రశ్నలకూ పాయింట్లు వేళ్ల మీద లెక్కపెడతాం. ఆ రోజు అలా చేసి ఉంటే సంస్కృతీకరణకు ఐదు వేళ్లు ముడుచుకునేవి. అది సామాజిక చలనాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపుతుంది. పై కులాల పద్ధతులే గొప్పవని ఒప్పుకుంటుంది. అసమానతను సమర్థించినట్టవుతుంది. పై కులాల ఆచారాలతోపాటు ఆడపిల్లలపై కట్టుబాట్లు, కట్నం వస్తాయి. దళితుల సంస్కృతికి విలువ తగ్గుతుంది. రావుగారి ప్రశ్నకు మూడు పరిస్థితులూ గుర్తున్నవాళ్లు దాన్నే రాయొచ్చు, తప్పులేదు. ఒక్క భిలాయే గుర్తున్నవాళ్లకు మాత్రం అది ఉచ్చు.

ఎంచుకోవడానికి వేరే సమయం అక్కర్లేదు. బోర్డు పరీక్షలో 10:15కి పేపరిస్తారు, 10:30 దాకా రాయకూడదు, చదవాలి. ఆ పదిహేను నిమిషాల్లో వేళ్ల లెక్క పూర్తిచేసి, చివరి ప్రశ్నలోని పేరాను కూడా ఒకసారి చదివేయొచ్చు.

ఇక సమయం. మేం సాధన చేసిన నమూనా పేపరులో 80 మార్కులు, 38 ప్రశ్నలు. ఒక మార్కువి ఇరవై, రెండు మార్కులవి తొమ్మిది, నాలుగు మార్కులవి ఆరు, ఆరు మార్కులవి మూడు. పదాల పరిమితి వరుసగా రెండు మార్కులకు 30, నాలుగుకు 80, ఆరుకు 200. అన్నీ కూడితే మొత్తం 1350 పదాలు. గడియారం పెట్టుకుని చూసుకుంటే మాలో నిదానంగా రాసేవాళ్లు కూడా నిమిషానికి పదిహేను పదాలు రాస్తున్నారు. అంటే చేతి పని గంటన్నరే. పరీక్ష మూడు గంటలు. సమయం చాలడం లేదని అనే మనలో చాలామందికి చెయ్యి నిదానం కాదు, ఒకచోట ఆగడం రావడం లేదు.

మేం వేసుకున్న పట్టిక ఇది. ఒక మార్కు ప్రశ్నలకు 10:50 వరకు. ఆరు మార్కులవి ఒక్కోదానికి పదహారు నిమిషాల చొప్పున 11:38 వరకు. నాలుగు మార్కులవి తొమ్మిదేసి నిమిషాలతో 12:32 వరకు. రెండు మార్కులవి నాలుగేసి నిమిషాలతో 1:08 వరకు. తిరిగి చూసుకోవడానికి, తప్పిపోయినవి సర్దుకోవడానికి ఇరవై రెండు నిమిషాలు మిగులుతాయి. పెద్ద ప్రశ్నలు చివరికి పెట్టకపోవడానికి కారణముంది. గంట కొట్టే వేళకు సగంలో ఆగిన పెద్ద జవాబు కంటే సగంలో ఆగిన చిన్న జవాబుతో నష్టం తక్కువ. పెద్దవి చూస్తే బెదిరేవాళ్లు చిన్నవాటితోనే మొదలుపెట్టుకోవచ్చు. వరుస ఎవరిష్టం వాళ్లది, ముగింపు సమయం మాత్రం మార్చకూడదు. పదహారు నిమిషాలు కాగానే ఐదారు గీతలు ఖాళీ వదిలి ముందుకు వెళ్లాలి.

మా స్నేహితురాలి లెక్క మళ్లీ చూడండి. ఆ జవాబుకు ఆమె అదనంగా పెట్టింది ఇరవై తొమ్మిది నిమిషాలు. వదిలేసిన నాలుగు ప్రశ్నలకు ఈ పట్టిక ప్రకారం కావలసింది ఇరవై ఒక్క నిమిషాలు.

రెండు ప్రశ్నలూ రాసేస్తే ఎక్కువ మార్కులొచ్చినదే లెక్కలోకి తీసుకుంటారు కదా అని కొందరు అంటారు. మూల్యాంకనంలో అలాగే చేస్తారు, నిజమే. కానీ రెండోదానికి పోయే పదహారు నిమిషాలు నాలుగు చిన్న ప్రశ్నల సమయం, అంటే ఎనిమిది మార్కులు. ఒక మార్కు పెరుగుతుందేమోనని ఎనిమిది పందెం కాయడం మాకు నచ్చలేదు.

ప్రశ్నల సంఖ్య ఏటా ఇలాగే ఉండాలని లేదు. మీ ఏడాది నమూనా పేపరు చూసుకుని నిమిషాలు మళ్లీ పంచుకోవాలి. రెండో ప్రీబోర్డులో ఆ అమ్మాయి ప్రతి ప్రశ్న పక్కనా పెన్సిలుతో ముగింపు సమయం వేసుకుంది. ఈసారి కూడా ఒక జవాబులో తాతగారు వచ్చారట, ఒక్క వాక్యంలో. ప్రశ్న ఒక్కటీ మిగల్లేదు.