ముందే వరసలో ఉంటే... మొరాయిస్తుంది!

ల్యాబ్‌లో క్విక్‌సార్ట్ అసైన్‌మెంట్ చేసే ఇంజినీరింగ్ విద్యార్థుల్లో చాలామందికి ఓ వింత ఎదురవుతుంది. గజిబిజిగా ఉన్న పదివేల అంకెలిస్తే ప్రోగ్రామ్ రెప్పపాటులో సర్దిపెడుతుంది. సర్దిన ఆ జాబితానే మళ్లీ ఇచ్చారా... చతికిలపడుతుంది! పైథాన్‌లో రాసినవాళ్లకైతే తెరమీద `RecursionError` అని కనిపిస్తుంది. సర్దడానికి ఏమీ లేనిచోట ఇంత అవస్థ ఎందుకు?

క్విక్‌సార్ట్ కిటుకు చిన్నదే. జాబితాలోంచి ఒక అంకెను పివట్‌గా తీసుకోవాలి. దానికన్నా చిన్నవాటిని ఎడమకి, పెద్దవాటిని కుడికి చేర్చాలి. ఆ రెండు ముక్కల్నీ మళ్లీ అలాగే విడగొట్టాలి. ముక్కలు ఇంచుమించు సగం సగంగా తెగితేనే వేగం.

తరగతిలో ఎక్కువగా చెప్పే లొముటో పద్ధతిలో చివరి అంకే పివట్. 10, 20, 30, 40, 50 తీసుకుందాం. పివట్ 50. మిగతా నాలుగింటినీ దాంతో పోల్చితే నాలుగూ ఎడమకే వెళ్తాయి. కుడివైపు ఖాళీ! తర్వాత 40 వంతు, మూడు పోలికలు. ఆపైన రెండు, ఒకటి... మొత్తం పది. అదే మధ్యలోని 30ని పివట్‌గా తీసుకుంటే నాలుగు పోలికలతో జాబితా రెండుగా తెగుతుంది. ఒక్కో ముక్కకి ఒకటి చొప్పున మరో రెండు. ఆరుతో సరి!

అయిదు అంకెలకి ఇది పెద్ద తేడా కాదు. పదివేలైతే? గజిబిజి జాబితాకి సుమారు లక్షన్నర పోలికలు చాలు. వరసలో ఉన్నదానికి 4,99,95,000! పైగా ప్రతిసారీ ఒక్క అంకే తగ్గుతుంది కాబట్టి, ఫంక్షన్ తనలోకి తాను పదివేల మెట్లు దిగాలి. పైథాన్ మామూలుగా వెయ్యి దగ్గరే ఆపేస్తుంది. పోలికల్ని లెక్కించే కౌంటర్ ఒకటి పెట్టుకుంటే జబ్బు ఇట్టే బయటపడుతుంది.

రెండు చివర్ల నుంచీ లోపలికి వచ్చే హోర్ పద్ధతికి మారితే పోతుందా? పోదు. మొదటి అంకెను పివట్‌గా పెడితే అక్కడా ఇదే గతి. తప్పు విడగొట్టడంలో లేదు, పివట్ ఎంపికలో ఉంది. నిజానికి టోనీ హోర్ 1961లో ప్రచురించిన ప్రోగ్రామ్‌లో పివట్‌ను యాదృచ్ఛికంగానే ఎంచుకున్నాడు. పాఠం తేలిక చేసే తొందరలో ఆ జాగ్రత్త జారిపోయింది. లొముటోలో దాన్ని తిరిగి తేవడానికి రెండు వరసలు చాలు:

```
k = random.randint(low, high)
a[k], a[high] = a[high], a[k]
```

అయితే అన్నీ ఒకే అంకెలైతే ఈ మందూ పనిచేయదు. పాస్‌కి 1, ఫెయిల్‌కి 0 అని రాసిన పదివేల మంది ఫలితాలే ఇస్తే? పివట్‌గా 1 వచ్చిందంటే, `<=` వాడిన లొముటో అన్నింటినీ ఎడమకే తోస్తుంది. హోర్ పద్ధతి మాత్రం సమానమైన అంకె దగ్గర కూడా రెండువైపులా ఆగి, వాటినే అటూ ఇటూ మారుస్తుంది. చూడ్డానికి వృథా శ్రమే. కానీ అలా మార్చుకుంటూ వచ్చే రెండు చివర్లూ ఇంచుమించు మధ్యలోనే కలుస్తాయి.