నెట్ రాలేదంటే చాలదు, ఎప్పుడు పోయిందో రాయాలి

నల్లపాడు వంటి ఊళ్లలో వేలిముద్ర వేసి బ్యాంకు డబ్బు తీసుకునే కొట్టుకు జనం వచ్చేది పొద్దుగూకిన తరువాతనే. పొలం పని ముగించుకుని రైతో, కూలీయో అక్కడికి చేరేసరికి నెట్ పోతుంది. ఒక్కొక్కప్పుడు ఖాతాలో సొమ్ము తగ్గుతుంది గాని చేతికి రాదు. ఆ తగవు కొట్టు యజమాని నెత్తిన పడుతుంది.

కంపెనీకి ఫోను చేసి "నెట్ సరిగా రావడం లేదు" అంటే, "పెట్టె ఆపి మళ్లీ వేయండి" అన్న జవాబే వస్తుంది. వేళలూ కొలతలూ వేసి ఉత్తరం రాస్తే ఆ జవాబు చెల్లదు. 50 ఎంబిపిఎస్ వేగానికి డబ్బు కడుతున్న యజమాని ఒకరు ఇలా రాశారనుకుందాం:

"సోమవారం సాయంత్రం 6.40కి నెట్ పోయి 7.25కు వచ్చింది. అంతసేపూ పెట్టె మీద ఎల్ఓఎస్ అనే ఎర్రదీపం వెలిగింది. మంగళవారం ఎర్రదీపం లేదు, అయినా రాత్రి 7.30కి వేగం 3. బుధవారం అదే వేళకు 4. ఈ మూడు రోజులూ ఉదయం 6 గంటలకు 47."

ఇందులో ఉన్నవి రెండు వేర్వేరు జబ్బులు. ఎర్రదీపం వెలిగిందంటే తీగలో వెలుగు పెట్టె దాకా రావడం లేదన్నమాట. తీగ తెగి ఉండాలి, లేదా కరెంటు పోయినప్పుడు కంపెనీ కేంద్రంలో బ్యాటరీ నిలవక ఉండాలి. అదే కంపెనీ నెట్ ఉన్న పక్కింట్లోనూ ఎర్రదీపమే ఉంటే తప్పు కొట్టు తీగది కాదు.

మంగళవారం సంగతి వేరు. ఒకే లైనును చాలా ఇళ్లు పంచుకుంటాయి. సాయంత్రం అందరూ ఒక్కసారి వాడితే కాలువ చివరి భూముల గతే పడుతుంది. ఉదయం 47 వచ్చిందంటే తీగ బాగానే ఉన్నట్లు. కంపెనీ పైనుంచి వచ్చే సామర్థ్యం పెంచాలి, తీగ మార్చితే లాభం లేదు.

కొలిచేటప్పుడు వైఫై పనికిరాదు. గోడ అడ్డమొచ్చిందని కంపెనీ అంటుంది. కంప్యూటరుకు నేరుగా తీగ తగిలించి, మిగతా ఫోన్లు ఆపి కొలవాలి. ఫలితాన్ని తేదీ, వేళ కనబడేలా ఫొటో తీసి ఉంచుకోవాలి.

ఒక పరిమితి ఉంది. 2023 జనవరిలో కేంద్రం బ్రాడ్‌బ్యాండుకు కనీస వేగం 2 ఎంబిపిఎస్ అని నిర్ణయించింది. 3 దానికి పైనే. కనుక ఫిర్యాదుకు బలం ఆ అంకెలో కాదు, ఉదయానికీ సాయంత్రానికీ ఉన్న తేడాలో ఉంది.

ఫిర్యాదుకు నంబరు తప్పక అడిగి తీసుకోవాలి. 2012 ట్రాయ్ నిబంధనల ప్రకారం కంపెనీ జవాబు తృప్తినివ్వకపోతే 30 రోజుల్లోగా ఆ కంపెనీలోని అప్పీలు అధికారికి రాయవచ్చు. ఆయన 39 రోజుల్లో తేల్చాలి. ఒక్కొక్కరి ఫిర్యాదును ట్రాయ్ నేరుగా విచారించదు. కాబట్టి ఆ అధికారి ముందు మాట్లాడవలసింది యజమాని రాసి ఉంచిన వేళలూ అంకెలే.