నిద్ర పట్టడం లేదా, నిద్ర అక్కర్లేదా?

మన క్యాంపస్‌లో ‘బైపోలార్’ అనే మాట తిట్టుకీ జోకుకీ మధ్య ఎక్కడో తిరుగుతుంటుంది. పొద్దున నవ్వి సాయంత్రం చిరాకుపడితే బైపోలార్. వైఫై వచ్చిపోతుంటే అదీ బైపోలారే! ఓపెన్ ఎలెక్టివ్‌గా సైకాలజీ తీసుకున్న ఈ సెమిస్టర్‌లో నాకు అర్థమైంది ఏంటంటే, ఆ జబ్బు గంటగంటకీ మారేది కాదు. రోజులు, వారాలు, ఒక్కోసారి నెలల తరబడి మనిషిని ఒకే వైపు ఉంచేస్తుంది. జోకుల సంగతి పక్కన పెడదాం. నా అభ్యంతరం వేరే విషయం మీద. స్నేహితుడు దిగులుగా ఉంటే ‘ఏమైందిరా’ అని అడగడం మనం కాస్త నేర్చుకున్నాం. అదే స్నేహితుడు విపరీతమైన హుషారులో ఉంటే మాత్రం ఎవరూ అడగరు, పైగా చప్పట్లు కొడతారు. డిప్రెషన్‌కీ బైపోలార్‌కీ తేడా తెలిసేది సరిగ్గా ఆ చప్పట్లు కొట్టిన రోజుల్లోనే.

మాకు క్లాసులో చర్చకి ఒక కేసు ఇచ్చారు. నిజమైన మనిషిది కాదు, పాఠం కోసం కల్పించింది. కానీ మన హాస్టల్లోంచి లేచి వచ్చినట్టే ఉంటుంది.

అతను మెకానికల్, మూడో సంవత్సరం. నెమ్మదస్తుడు. అక్టోబర్‌లో ఫెస్ట్ పనులు మొదలయ్యాక రాత్రి మూడు గంటలే పడుకుంటున్నాడు, అయినా పొద్దున్నే తాజాగా లేస్తున్నాడు. నాలుగు రోజుల్లో మూడు క్లబ్బుల బాధ్యత నెత్తికెత్తుకున్నాడు. మాట్లాడితే మధ్యలో ఆపలేం. డ్రోన్ల గురించి మొదలెట్టి, వ్యవసాయం మీదుగా, స్టార్టప్‌కి పేరు పెట్టేదాకా ఒకే ఊపిరిలో వెళ్లిపోతాడు. జూనియర్లు ‘అన్న మామూలోడు కాదు’ అన్నారు. ఆరో రోజు, ఇంటి నుంచి వచ్చిన ఫీజు డబ్బుల్లో 38,000 పెట్టి మోటార్లు, బ్యాటరీలు కొనేశాడు. ఎనిమిదో రోజు ల్యాబ్‌లో సార్ ఏదో అడిగితే గొడవపడి, ‘ఈ కాలేజీకి నా స్థాయి లేదు’ అని బయటికొచ్చాడు. తొమ్మిదో రోజు వాళ్ల నాన్నగారు వచ్చి ఇంటికి తీసుకెళ్లారు. రెండు వారాల తర్వాత తిరిగొచ్చాడు. ‘స్ట్రెస్’ అన్నారు, అందరూ మర్చిపోయారు.

జనవరిలో కథ తిరగబడింది. మంచం దిగడు. మెస్‌కి రాడు. ఏ పనీ నచ్చదు, పుస్తకం తెరిస్తే ఒక్క లైను ఎక్కదు. ‘నా వల్ల ఇంట్లోవాళ్లకి నష్టమే’ అంటాడు. రెండు వారాలు దాటాక ఒక్కడే డాక్టర్ దగ్గరికి వెళ్లి ఇవన్నీ చెప్పాడు. ‘ఇంతకుముందు ఎప్పుడైనా మరీ హుషారుగా, నిద్ర లేకుండా ఉన్నావా?’ అని అడిగితే ‘లేదండీ, అప్పుడు బాగానే ఉన్నాను’ అన్నాడు. డిప్రెషన్ మందులు రాశారు. మూడో వారానికి నిద్ర మళ్లీ మూడు గంటలకి పడిపోయింది, మాటల వేగం పెరిగింది. ఈసారి రూమ్మేట్ వెంట వెళ్లాడు.

ఇక్కడ డాక్టర్‌ని తప్పుపట్టడం తేలిక. కానీ జనవరిలో కనిపించిన మనిషిని చూసి ఎవరైనా అదే రాస్తారు. బైపోలార్‌లో వచ్చే కుంగుబాటు, మామూలు డిప్రెషన్‌లో వచ్చే కుంగుబాటు లక్షణాల జాబితాలో ఒకటే: రెండు వారాలు, తొమ్మిదింటిలో కనీసం ఐదు లక్షణాలు. రెండిటినీ విడదీసేది గతం. వెనక ఎక్కడైనా మేనియా ఉందా, లేదా? ఆ గతాన్ని చెప్పాల్సిన మనిషికి అది జబ్బులా గుర్తుండదు, ‘నా బెస్ట్ వీక్’ అని గుర్తుంటుంది. అబద్ధం చెప్పడం కాదిది. లోపల్నుంచి చూస్తే అది నిజంగానే అలా కనిపిస్తుంది.

మరి అక్టోబర్‌లో జరిగింది మేనియాయేనా? అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వాళ్ల డీఎస్‌ఎం-5 ప్రకారం, మనసు అసాధారణంగా పొంగిపోయి గానీ చిరాకుగా గానీ ఉండాలి, దాంతోపాటు శక్తి పెరగాలి. ఇది కనీసం వారం పాటు, రోజులో ఎక్కువ భాగం ఉండాలి. అలాగే ఏడు లక్షణాల్లో కనీసం మూడు కనిపించాలి. పొంగిపోవడం లేకుండా చిరాకు మాత్రమే ఉంటే నాలుగు కావాలి. మనవాడికి లెక్కేద్దాం. నిద్ర అవసరం తగ్గింది, మాట ఆగట్లేదు, ఆలోచనలు పరుగెడుతున్నాయి, పనులు మీదేసుకున్నాడు, తన స్థాయి గురించి అతిగా అనుకున్నాడు, ఫీజు డబ్బులు తగలేశాడు. ఆరు వచ్చాయి. తొమ్మిది రోజులు. చదువు, డబ్బు, సంబంధాలు మూడూ దెబ్బతిన్నాయి. కాబట్టి మేనియా, అంటే బైపోలార్ 1. అవే లక్షణాలు నాలుగైదు రోజులుండి, పక్కవాళ్లకి తేడా తెలుస్తున్నా పెద్ద నష్టమేమీ జరక్కపోతే దాన్ని హైపోమేనియా అంటారు. దానికి తోడు కుంగుబాటు కూడా వస్తే బైపోలార్ 2. పేరులో రెండు ఉందని తేలికపాటి రకం అనుకోకండి, ఆ కుంగుబాటు ఏళ్ల తరబడి పీల్చేస్తుంది.

‘ఇలా అయితే ఎగ్జామ్ ముందు మేమందరం మేనియానే’ అని క్లాసులో ఒకమ్మాయి అంది. న్యాయమైన ప్రశ్న. నాకు ఎక్కువ ఉపయోగపడిన తేడా ఈ వ్యాసం పేరులో ఉన్నదే. డిప్రెషన్‌లోనో టెన్షన్‌లోనో నిద్ర కావాలి, కానీ పట్టదు. పొద్దున్నే ఒళ్లు పీకేస్తుంది. సబ్మిషన్ కోసం రాత్రంతా మేల్కొన్నవాడు, పని అయిపోగానే మధ్యాహ్నం దాకా మొద్దు నిద్రపోతాడు. మేనియాలో నిద్ర అక్కర్లేదనిపిస్తుంది. డెడ్‌లైన్ అయిపోయినా బండి ఆగదు, అలసట రాదు. మూడు నాలుగు రోజులు వరసగా ఇలా కనిపిస్తే అది క్రమశిక్షణ కాదు. అయితే ఇదొక్కటే చూసి తీర్పు చెప్పేయకూడదు. థైరాయిడ్ ఎక్కువైనా, స్టెరాయిడ్ మందులు వాడుతున్నా, మత్తుపదార్థాలు తీసుకున్నా ఇలాంటి రూపమే రావచ్చు. వాటిని పరీక్షలతో తేల్చాల్సింది డాక్టర్.

తేడా ఎందుకంత ముఖ్యమంటే, వైద్యం మారిపోతుంది కాబట్టి. బైపోలార్ 1 ఉన్నవాళ్లకి మూడ్ స్టెబిలైజర్ తోడు లేకుండా డిప్రెషన్ మందు ఒక్కటే ఇస్తే, కొందరిలో అది మేనియాలోకి నెట్టేయగలదు. అందరికీ అలా జరగదు. మన కేసులో జరిగినట్టే ఉంది. రెండోసారి వెళ్లినప్పుడు డాక్టర్ ఆ మందు ఆపించి లిథియం మొదలుపెట్టారు, కొన్నాళ్లు రాత్రిపూట క్వెటియపిన్ కూడా ఇచ్చారు. ఇలాంటి మార్పులు డాక్టర్ చెప్పాకే, మనంతట మనం కాదు.

లిథియం అంటే మనకి బ్యాటరీ. అదే మూలకం, లవణం రూపంలో. మేనియాకి అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ ప్రచురించాడు. ఇంజనీరింగ్ వాళ్లకి ఈ మందు నచ్చాలి, ఎందుకంటే ఇది కొలుచుకుంటూ నడిపే మందు. ఆఖరి మోతాదు వేసుకున్న 12 గంటలకి రక్తం తీసి చూస్తారు. దీర్ఘకాలం వాడేవాళ్లలో లీటరుకి సుమారు 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉంచుతారు. 1.5 దాటితే విషం లక్షణాలు మొదలవ్వచ్చు. అంటే పనిచేసే హద్దుకీ ప్రమాదపు హద్దుకీ మధ్య జాగా చాలా తక్కువ. దీన్ని బయటికి పంపేది కిడ్నీలు. మే నెల ఎండలో చెమటలు కారి నీళ్లు తాగకపోయినా, వాంతులు విరేచనాలైనా, నొప్పికి ఐబుప్రోఫెన్ లాంటి మాత్రలు వేసుకున్నా మోతాదు మార్చకుండానే రక్తంలో లిథియం పెరిగిపోతుంది. చేతులు బాగా వణకడం, నడక తూలడం, మాట ముద్దగా రావడం, ఆగని వాంతులు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. వీటన్నిటితోపాటు కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు క్రమంగా చేయించుకుంటూ ఉండాలి.

ఇన్ని జాగ్రత్తలున్నా ఈ మందుని ఇంకా వాడుతున్నారంటే కారణం ఉంది. మేనియా తిరిగి రాకుండా ఆపుతుంది, ఆత్మహత్య ముప్పునీ తగ్గిస్తుంది. అసలు చిక్కు బాగైపోయాక వస్తుంది. ‘బాగానే ఉన్నా కదా, ఎందుకీ మాత్రలు’ అని ఒక్కసారిగా ఆపేస్తారు, జబ్బు తిరిగొస్తుంది. కే రెడ్‌ఫీల్డ్ జామిసన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ జబ్బు మీదే పనిచేసే నిపుణురాలు, తనకీ ఈ జబ్బే. ఆవిడ కూడా లిథియం తీసుకోనని మొరాయించిన సంగతి 1995లో వచ్చిన తన పుస్తకంలో రాసుకుంది. అంత తెలిసినావిడకే అలా అయితే, మూడో సంవత్సరం కుర్రాడిని ‘బాధ్యత లేదు’ అని తిట్టడంలో అర్థం లేదు.

మందులతో పాటు చేసే చికిత్సల్లో ఒకటి మరీ సాదాగా ఉంటుంది. రోజూ లేచే టైము, తినే టైము, పడుకునే టైము రాసుకుని వాటిని కదలకుండా ఉంచడం. మూడ్‌కీ శరీర గడియారానికీ ఉన్న ముడి మీద కట్టిన పద్ధతిది. నిద్ర చెడితే మేనియా రావచ్చు, మేనియా వస్తే నిద్ర ఇంకా చెడుతుంది. 36 గంటల హ్యాకథాన్ అలాంటి వాళ్లకి సరదా పోటీ కాదు. అందుకే నా ఒక డిమాండ్: ఫెస్ట్‌లో, హ్యాకథాన్‌లో రాత్రి ఆరు గంటలు నిద్రకి విరామం పెట్టండి, దానికి మార్కులు పోకూడదు.

రెండో డిమాండ్ కౌన్సెలింగ్ ఫారాల గురించి. చాలాచోట్ల వాడే పీహెచ్‌క్యూ-9లో తొమ్మిది ప్రశ్నలూ గత రెండు వారాల కుంగుబాటు గురించే. అది దాని పని, బాగానే చేస్తుంది. కానీ అందులో పైకెళ్లిన రోజుల గురించి ఒక్క ప్రశ్నా లేదు. దాని కింద ఒక్క లైను చేర్చాలి: ‘నిద్ర తక్కువైనా అలసట లేకుండా, పక్కవాళ్లు “నువ్వు నువ్వులా లేవు” అన్న రోజులు ఎప్పుడైనా ఉన్నాయా?’ ఇది జబ్బుని తేల్చదు, తర్వాత వివరంగా అడగాలని మాత్రం గుర్తుచేస్తుంది.

మూడోది మనకి. ‘రూమ్మేట్ల మీద నిఘా పెట్టమంటావా?’ అని సెమినార్‌లో ఒకతను కోప్పడ్డాడు. లేదు. అతని ఒప్పుకోలుతో పక్కన కూర్చుని, చూసింది చెప్పడమే. ‘నీకు మేనియా వచ్చింది’ అంటే పోట్లాటే మిగులుతుంది. ‘ఒరేయ్, సోమవారం నుంచి నువ్వు సరిగ్గా పడుకోలేదు, నాకు భయంగా ఉంది, రేపు డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా’ అంటే వినే అవకాశం ఉంది. చావు మాటలు మాట్లాడుతుంటే మాత్రం, ముఖ్యంగా దిగులూ ఆ ఆగని వేగమూ రెండూ కలిసినప్పుడు, ఒంటరిగా వదలొద్దు. వార్డెన్‌కీ ఇంటికీ చెప్పాలి. టెలి మానస్ నంబర్ 14416, ఏ వేళైనా ఉచితంగా తెలుగులో కూడా మాట్లాడతారు.

మా కేసులో రూమ్మేట్ డాక్టర్ దగ్గర పెద్ద ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. అతన్ని అడిగి, ఫోన్ తీసి అక్టోబర్ మెసేజ్‌లు చూపించాడు. రాత్రి 2.10కి ఒకటి, 3.40కి పదకొండు, మళ్లీ 5.15కి ‘లేచావా మామా, కొత్త ఐడియా’. వరసగా తొమ్మిది రోజులు.