రుక్మిణి వ్రాయని మాట

లేఖారూపమైన కవితను చదువునపుడు మనకొక చనువు దొరకుతుంది. ఒకరికై వ్రాసిన మాటలను మరొకరము చదువుచున్నామన్న ఎరుక ఆ చనువుకు మూలము. పోతన దశమస్కంధములో రుక్మిణి శ్రీకృష్ణునకు పంపిన సందేశము తెలుగువారికి తెలిసిన ఇటువంటి రచనలలో అత్యంత పరిచితమైనది. పెండ్లి కావలసిన కన్యలచేత పెద్దలు పారాయణము చేయించుటవలన ఎన్నో ఇండ్లలో అది కంఠస్థమై ఉన్నది. అంతగా నోటికి వచ్చిన పద్యాలు గనుకనే కాబోలు, అందులో ఏమి చెప్పలేదో మనము సాధారణముగా గమనింపము.

ఇది లేఖయా, నోటిమాటయా అని శంకించేవారున్నారు. సంస్కృత భాగవతములో బ్రాహ్మణుడు వీటిని రహస్యసందేశాలనే అంటాడు. పోతన అగ్నిద్యోతనుడు కూడా విన్నవింపుమన్న సందేశమనియే మొదలుపెట్టుతాడు. అయినను దాని నడక ఉత్తరపు నడకయే. సంబోధన, విన్నపము, చేయవలసిన పని, సమయము, చివర ప్రతిజ్ఞ, అన్నీ వరుసగా ఉన్నవి. "నేను" అన్న మాట బ్రాహ్మణుని నోట వెలువడినా, ఆ "నేను" కుండినపురపు అంతఃపురములోనే ఉన్నది. "రేపు" వచ్చి నన్ను గొనిపొమ్మంటుంది రుక్మిణి. ఆ రేపు ఆమె చెప్పిన నాటికి రేపు కాదు, ద్వారకలో వినేవాని రేపు. పంపేవారు తమ కాలమును విడిచి అందుకొనేవారి కాలములో నిలిచి మాటాడుట ఉత్తరానికి సహజము.

ఆమె కృష్ణుని చూడలేదు. విన్నది మాత్రమే. కనుక చనువు మొదటి పద్యములోనే వచ్చిన, అది అబద్ధమై ఉండేది. తొలి సీసములోని సంబోధనలు కంసారి వంటివి, ఎవరైనను వాడదగినవి. మానినీచిత్తచోరుడన్నది కూడా మానినులందరి తరఫున అన్నట్లే ఉన్నది. ఆ వెనుక ఆమె వాదమునకు దిగుతుంది. నిన్ను కోరని కన్య ఎవరు, లక్ష్మియే కోరలేదా, ఈ మోహము నాకొక్కతెకేనా పుట్టినది అని అడుగుతుంది. తన కోరికను లోకములో అందరి కోరికగా మార్చి సిగ్గును దాటే ఉపాయమిది. తరువాత పని: సేనలతో రమ్ము, శిశుపాల జరాసంధులను గెలిచి, శౌర్యమే ఉంకువగా రాక్షసవివాహమున గొనిపొమ్ము. కావలివారిని, బంధువులను చంపక ఎట్లు తేగలనని శంకింతువేమో, పెండ్లికి ముందు కులదేవయాత్రకై గౌరి గుడికి నన్ను ఊరివెలుపలికి పంపుదురు, అదే సమయము. ఈ పద్యము శుద్ధ వ్యవహారము. ప్రేమ మాట ఒక్కటి లేదు.

ఇంత అయిన పిదపనే, ప్రాణములు విడిచెదనన్న పద్యము చివర, ప్రాణేశ్వరుడన్న పిలుపు వస్తుంది. మూలశ్లోకములో అక్కడ ఉన్నది అంబుజాక్షుడు. ఆ మార్పు పోతన చేసినది. ఆపై చెవులు, కన్నులు, జిహ్వ, ఘ్రాణము నీవు లేక ఎందుకన్న సీసము మొదలై, "దయిత" అనేవరకు పోతుంది. మూలములోని ఏడు శ్లోకాలు ప్రాణత్యాగపు మాటతో ముగిసినవి. ఈ సీసము పోతనది. వినికిడితో మొదలైన లేఖ మరల చెవితోనే ముగింపుకు వచ్చుట గమనింపదగినది.

ఇక దాచినది. ఈ పెండ్లిని అడ్డినవాడు అన్న రుక్మి. సందేశములో అతని పేరు ఎక్కడా లేదు. "బంధువులు" అన్న బహువచనములో అతడు కలిసిపోయినాడు. ఇంటిగుట్టు పరాయివానికి చెప్పరాదన్న కులకన్య మర్యాద ఒకటి, అన్న ప్రాణము మీది భయము ఒకటి, ఈ మౌనానికి కారణములని నా ఊహ. తరువాత యుద్ధములో కృష్ణుడు రుక్మిని చంపబోగా ఆమె కాళ్లమీద పడి వేడుకొన్నది గదా. విశేషమేమంటే, సందేశము విన్న కృష్ణుడు తనకు రాత్రులు నిదుర రావడములేదని చెప్పి, వెంటనే రుక్మి తలచే కీడు తానెరుగుదునంటాడు. ఆమె విడిచిన పేరును అతడు పూరించినాడు. చెప్పనిదానిని తెలిసికొన్నవాడు కావుననే అతనిని మనము ప్రియుడని నమ్ముతాము. వారి తొలి సాన్నిహిత్యము నాకిక్కడే కనబడుచున్నది.

దాచినది మరొకటి ఉన్నది. అది బ్రాహ్మణుడు వెళ్లినాక గాని బయటపడదు. ఎదురుచూచుచు ఆమె పడే తలపోతలలో, బ్రాహ్మణుడు చేరెనో లేదో, అలసి ఆగిపోయెనో అన్న శంకల నడుమ, కృష్ణుడు విని దీనిని తప్పుగా తలచెనేమో అన్నది వస్తుంది. ఆడపిల్ల తానై పిలుపు పంపుట తప్పేమోనన్న భయము! సందేశములో ఆమె వాదించింది, దారి చూపింది, చచ్చెదనన్నది. ఈ భయమును మాత్రము చెప్పలేదు. చెప్పి ఉంటే అది క్షమాపణ అయ్యేది, పిలుపు బలహీనపడేది. చావునైనా పేర్కొన్నది గాని, చులకన అవుదునేమోనన్న మాటను పేర్కొనలేదు.

కాళిదాసు శకుంతల తామరాకుపై గోటితో వ్రాసిన పద్యము పంపనే లేదు. పొదచాటున విన్న దుష్యంతుడు ముందుకు వచ్చినాడు. రోమను కవి ఓవిడ్ కల్పించిన నాయికల లేఖలలో ఎక్కువ భాగమునకు బదులు రాలేదు. రుక్మిణి పిలుపు చేరినది, బదులూ వచ్చినది, అదీ ఒక్క రాత్రి రథప్రయాణములో. అయినను ఆ రాత్రి గడచువరకు తన భయమును ఎవరితోను చెప్పుకొనలేక ఆమె ఎదురుచూడవలసి వచ్చినది.