తేదీ లేని రసీదు ఉత్తరం

కస్టమర్ సర్వీస్ విభాగాల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఫిర్యాదు అందిందని రాసే ఉత్తరంలో తేదీ వేయొద్దు, ఎవరి పేరూ పెట్టొద్దు, వేస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుంది అని. ఇది తప్పు. బ్యాంకుల విషయంలో మరీ తప్పు.

ఒక ఖాతాదారు మార్చి 3న వేరే బ్యాంకు ఏటీఎంలో 5,000 రూపాయలు తీయబోయారనుకుందాం. నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం డబ్బు తగ్గింది. రిజర్వ్ బ్యాంకు 2019 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశం ప్రకారం లావాదేవీ రోజు కాక 5 రోజుల్లో, అంటే మార్చి 8 లోగా, ఆ డబ్బు తిరిగి జమ కావాలి. ఆపైన ఆలస్యమయ్యే ప్రతి రోజుకూ 100 రూపాయల పరిహారాన్ని, ఖాతాదారు అడగకపోయినా, బ్యాంకే వేయాలి. గడువు ముందే ఖరారైంది కదా! ఉత్తరంలో రాయనంత మాత్రాన బ్యాంకు బాధ్యత తగ్గదు. ఖాతాదారుకు తన హక్కు తెలియకుండా పోతుంది, అంతే.

"అవతలి బ్యాంకు చేయాల్సిన పనికి మనం ఎలా మాటిస్తాం?" అంటారు. ఈ అభ్యంతరంలో న్యాయం ఉంది. నోట్లు బయటికొచ్చాయో లేదో తేల్చేది ఆ యంత్రం లాగ్, అందులో మిగిలిన నగదు లెక్క. రెండూ ఏటీఎం బ్యాంకు దగ్గరే ఉంటాయి. కాబట్టి ఫలితానికి కాకుండా మన పనికి మాటివ్వాలి. ఇలా రాయొచ్చు: "మీ ఫిర్యాదు 4న అందింది. ఈ రోజే ఏటీఎం బ్యాంకుకు క్లెయిమ్ పంపాం. నిబంధన ప్రకారం 8లోగా డబ్బు జమ కావాలి. నోట్లు ఇచ్చేశామని వారంటే ఆ ఆధారం మీకు చూపిస్తాం. ఏది తేలినా, తేలకపోయినా, 9న మీకు రాస్తాం." ఇందులో బ్యాంకు నిలబెట్టుకోలేని మాట ఒక్కటీ లేదు.

కోపంగా ఉన్నవారిని చల్లార్చడానికి "24 గంటల్లో" అని రాసేయడం కూడా అంతే చెడ్డది. మర్నాడు ఖాతాదారు మళ్లీ ఫోన్ చేస్తారు, కొత్త నంబరుతో ఇంకో ఫిర్యాదు నమోదవుతుంది, ఒకే డబ్బుకు రెండు ఫైళ్లు తిరుగుతాయి. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆయన అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చు. అప్పుడు బ్యాంకు ఏ రోజు ఏం చేసిందో చూపించేది తేదీలున్న ఉత్తరమే.

ఇక పేరు. సిబ్బందిని జనం వేధిస్తారన్న భయం నిజమైనదే. అయితే దానికి మందు పేరు దాచడం కాదు. అధికారి పేరు, హోదా, ఆఫీసు నంబరు, ఫోన్ ఎత్తే వేళలు ఇస్తే చాలు, సొంత మొబైల్ నంబరు అక్కర్లేదు. ఆన్‌లైన్ అమ్మకాలకు 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు ఫిర్యాదుల అధికారి పేరు ప్రకటించాలనీ, 48 గంటల్లో రసీదు ఇవ్వాలనీ ఇప్పటికే చెబుతున్నాయి. బ్యాంకు ఉత్తరంలో పేరున్న అధికారి సెలవులో ఉంటే చూసే రెండో వ్యక్తి పేరూ అదే ఉత్తరంలో ఉండాలి. బదిలీ అయితే ఆ సంగతి బ్యాంకే ముందుగా తెలియజేయాలి.