రిష్తా ఫొటోకి ఎంత ఎడిటింగ్ చేయొచ్చు? ఎక్కడ చెప్పి తీరాలి?

2020 జూన్‌లో షాదీ డాట్ కామ్ తన సైట్‌లో ఒంటి రంగును బట్టి సంబంధాలు వెతికే ఆప్షన్‌ను తీసేసింది. యూజర్లు ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టి నిలదీశాక గానీ ఆ పని జరగలేదు. సరిగ్గా అదే రోజుల్లో ఫెయిర్ అండ్ లవ్లీ కూడా గ్లో అండ్ లవ్లీ అయింది. ఆప్షన్ పోయింది, పేరు మారింది. రంగు వెతికే కళ్లు మాత్రం మారలేదు. బయోడేటాలో 'చామనఛాయ' అని రాయడానికి ఇబ్బంది పడే కుటుంబం, స్టూడియోకి వెళ్లి "కొంచెం తెల్లగా చెయ్యి భాయ్" అనడానికి ఏమాత్రం వెనకాడదు.

ఆ ఫొటో వాట్సాప్‌లో ముషాతాకు వెళ్తుంది, అక్కడి నుంచి నాలుగు ఇళ్లకు చేరుతుంది. తీరా చూపుల రోజు అబ్బాయి తరఫు వాళ్లు గుమ్మంలోనే ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఎడిటింగ్ చేయించింది చిన్నమ్మో, అన్నో అయి ఉంటారు. "ఫొటోలో ఒకలా, బయట ఒకలా" అన్న మాట పడేది మాత్రం అమ్మాయి. అబ్బాయిల ఫొటోల్లో వెనక్కిపోయిన జుట్టు నుదుటి మీదకు తిరిగి రావడం కూడా మామూలే. దాని మీద ఇంత పంచాయితీ జరగదు, అది వేరే విషయం.

మరి ఎడిటింగ్ ఎక్కడిదాకా సర్దుబాటు, ఎక్కడి నుంచి మోసం? వ్యాపార ప్రకటనల విషయంలో కొన్ని దేశాలు దీనికి జవాబు చెప్పే ప్రయత్నం చేశాయి. ఫ్రాన్స్‌లో 2017 అక్టోబర్ 1 నుంచి, మోడల్ శరీరాన్ని ఎడిటింగ్‌లో సన్నగా గానీ లావుగా గానీ చేస్తే ప్రకటన మీద 'రీటచ్ చేసిన ఫొటో' అని రాయాలి. రాయకపోతే 37,500 యూరోల దాకా జరిమానా. నార్వే ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ 2022 జూలై నుంచి శరీర ఆకారం, సైజుతో పాటు చర్మాన్ని మార్చినా ప్రకటన మీద ప్రభుత్వం ఇచ్చిన గుర్తు వేయాలి. ఇన్‌ఫ్లుయెన్సర్లు డబ్బు తీసుకుని పెట్టే పోస్టులకూ ఈ రూల్ ఉంది.

అయితే లేబుల్ వేసినంత మాత్రాన పని అయిపోదు. ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ యూనివర్సిటీలో మరికా టిగెమన్ బృందం ఇలాంటి లేబుళ్ల మీద చాలాసార్లు పరీక్షలు చేసింది. 'ఎడిట్ చేసిన ఫొటో' అని చదివాక కూడా, చూసిన మహిళలకు తమ శరీరం మీద అసంతృప్తి తగ్గలేదు. ఇది ఎడిటింగ్ అని బుద్ధికి తెలిసినా మనసు ఆ బొమ్మతోనే పోల్చుకుంటుంది.

బ్రిటన్ పద్ధతి వేరు, మన రిష్తాలకు పనికొచ్చేది కూడా అదే. 2021 ఫిబ్రవరిలో అక్కడి ప్రకటనల నియంత్రణ సంస్థ రెండు టానింగ్ బ్రాండ్ల ఇన్‌స్టాగ్రామ్ ప్రకటనలను తప్పుపట్టింది. టానింగ్ అంటే తెల్లవాళ్లు ఒంటికి గోధుమ రంగు తెచ్చుకోవడానికి పూసుకునే క్రీమ్. (అక్కడ నల్లబడటానికి, ఇక్కడ తెల్లబడటానికి. ఫిల్టర్ మాత్రం రెండు చోట్లా ఒకే పని చేస్తుంది.) ఆ ఇన్‌ఫ్లుయెన్సర్లు వాడిన ఫిల్టర్ చర్మం రంగును ఇంకాస్త ముదురుగా చూపించింది. ఫిల్టర్ వాడటమే తప్పని ఆ సంస్థ అనలేదు. అమ్ముతున్నదే రంగు కాబట్టి రంగు మార్చే ఫిల్టర్ వాడకూడదని చెప్పింది. అంటే క్రీమ్ పనితనాన్ని పెంచి చూపే ఫిల్టర్ ఉంటే, కింద ఎంత పెద్ద అక్షరాలతో 'ఫిల్టర్ వాడాం' అని రాసినా సరిపోదు, అసలు వాడకూడదు. అదే నెల మన దేశంలో ప్రకటనల స్వీయ నియంత్రణ సంస్థ ఆస్కీ తెచ్చిన ముసాయిదాలో కూడా ఇదే మాట ఉంది. జుట్టు మెరుపు, పళ్ల తెలుపు లాంటివాటిని పెంచి చూపే ఫిల్టర్లు ప్రకటనల్లో వద్దంది. ఇక 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా పడొచ్చు.

రిష్తా ఫొటో మీద ఇవేవీ పనిచేయవు. అది ప్రకటన కాదు. మ్యాట్రిమోనీ సైట్లకు కేంద్రం 2016లో ఇచ్చిన సూచనలు కూడా ప్రధానంగా యూజర్ గుర్తింపు పత్రాలు, దుర్వినియోగం గురించే. కానీ బ్రిటన్ వేసిన ప్రశ్నను ఇక్కడా వేయొచ్చు: ఈ ఫొటో ఏం మాట ఇస్తోంది? రిష్తా ఫొటో ఇచ్చే మాట ఒకటే. 'ఈ మనిషి ఈరోజు ఇలా ఉంటారు.' ఆ మాట తప్పనంత వరకు ఏ ఎడిటింగ్ అయినా ఫర్వాలేదు.

వెలుతురు సంగతి చూద్దాం, ఎక్కువ గొడవ అక్కడే. పసుపు బల్బు కింద తీసిన ఫొటోలో ముఖం పచ్చగా, డల్‌గా పడుతుంది. దాన్ని సరిచేయడం తప్పు కాదు. ఎలా సరిచేశారన్నదే ముఖ్యం. ఫొటోలో నిజంగా తెల్లగా ఉన్న వస్తువు ఒకటి పట్టుకోవాలి, గోడో దుపట్టానో. అది తెల్లగా కనిపించేదాకా మొత్తం ఫొటో రంగు సర్దితే, ముఖం కూడా దాంతో పాటే అసలు రంగుకు వస్తుంది. అక్కడ ఆగాలి. ముఖాన్ని మాత్రమే సెలెక్ట్ చేసి తెల్లబరిచారంటే అది వెలుతురు సర్దడం కాదు, మనిషిని మార్చడం. అది ఇట్టే తెలిసిపోతుంది కూడా: ముఖం ఒక రంగు, ఒళ్లో పెట్టుకున్న చేతులు ఇంకో రంగు. ముక్కు, దవడ సన్నబరిస్తే వెనకాల ఉన్న తలుపు అంచో, టైల్స్ గీతో ముఖం పక్కన వంకర పోతుంది.

మొటిమలు, మచ్చల మాటేమిటి? రెండు వారాల్లో దానంతటదే పోయేదాన్ని తీసేయొచ్చు. మొటిమ పోతుంది కాబట్టి ఓకే. పుట్టుమచ్చ, కాలిన గుర్తు, బొల్లి మచ్చ పోవు, కాబట్టి వాటిని తుడిచేయకూడదు. చర్మం మీద రంధ్రాలు కూడా కనిపించనంత నున్నగా చేస్తే వయసు ఐదారేళ్లు తగ్గినట్టుంటుంది. అది కూడా గీత దాటడమే.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. అసలు ఎడిట్ చేయని ఫొటో కూడా అబద్ధం చెప్పగలదు. 2018లో అమెరికాలో ప్లాస్టిక్ సర్జన్లు వేసిన లెక్క ప్రకారం, 12 అంగుళాల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. కెమెరా మరీ దగ్గరుండటమే కారణం. సెల్ఫీ చూసుకుని ముక్కు తగ్గించుకునే అమ్మాయి చాలాసార్లు తనకు లేని ముక్కును సరిచేసుకుంటోంది. యాప్ అక్కర్లేదు, ఫోన్ ఇంకొకరికిచ్చి ఐదడుగుల దూరంలో నిలబెడితే చాలు. ఫోన్ సెట్టింగ్స్‌లో బ్యూటీ మోడ్ ఆన్‌లో ఉందేమో కూడా చూసుకోవాలి. కొన్ని ఫోన్లలో అది ముందే ఆన్ అయి వస్తుంది.

ఇంతా చేసి, పైసా ఎడిటింగ్ లేని ఫొటో నాలుగేళ్ల నాటిదైతే అది తెల్లబరిచిన ఫొటో కంటే పెద్ద మోసం. అందుకే చెప్పాల్సింది ఏదైనా ఉంటే చూపులకు ముందే, బయోడేటాలోనే ఫొటో కింద ఒక లైన్‌లో చెప్పేయొచ్చు: "2025 నవంబర్‌లో స్టూడియోలో, మేకప్‌తో తీసినది." దాంతో పాటు ఇంట్లో పగటి వెలుతురులో తీసిన మామూలు ఫొటో ఇంకొకటి పంపితే సరి. ఆ రెండో ఫొటో చూసి వద్దనుకునేవాళ్లు ఇంటిదాకా రాకుండా అక్కడే ఆగిపోతారు.